బావిలో కొర్రమట్టలు

మా అమ్మ ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్లినా ముందు వాళ్ల బావిలోకి తొంగిచూసేది. కాళ్లు కడుక్కోమని చెంబెడు నీళ్లిస్తే ఆ చెంబు చేత్తో పట్టుకునే "మీ బాయిల పరకలున్నయా?" అని అడిగేది. పరకలంటే వేలెడంత కూడా ఉండని చిన్న చేపలు. ఉన్నాయంటే ఆ ఇంట్లో మంచినీళ్లు తాగేది. లేవంటే కొంగు నాలుగు మడతలు వేసి, దానిలోంచి వడకట్టుకుని తాగేది. ఇంత చాదస్తమేమిటని మా బంధువులంతా ఆటపట్టించేవాళ్లు. ఆ చాదస్తానికి వెనక ఒక గాథ ఉంది. అందులో మా అక్క కాలు ఉంది, మా చాచా కన్నీళ్లు ఉన్నాయి, మూడు కొర్రమట్టలు, అంటే కొరమీను చేపలు, ఉన్నాయి.

అవి ఇంకా నిజాం సర్కారు రోజులు. ఇబ్రహీంపట్నంలో మా వాడకు మంచినీళ్ల బావి ఒకటే, రాతిమెట్ల బావి. ఉప్పు తగలని తియ్యటి ఊట. ఆడవాళ్లం మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి బిందె ముంచుకునేవాళ్లం. అలా నిలబడితే పరకలు వచ్చి కాలివేళ్లను కొరికేవి. నాకది భలే గిలిగింతగా ఉండేది. బిందె నిండినా కదలకుండా నిలబడి, పైనుంచి అమ్మ కేకేసేదాకా కాళ్లు ఆడిస్తూ ఉండేదాన్ని.

ఆ పరకలు వాటంతట అవి వచ్చినవి కావు. నాకు ఊహ తెలియకముందు మా వాడలో నారి కురుపు బాగా ఉండేదట. కాలి మీద బొబ్బ లేచి, అది పగిలి, అందులోంచి దారపు పోగులాంటి తెల్లటి పురుగు, మేం నారు అనేది, మూరెడు పొడవున బయటికి వచ్చే జబ్బు. సర్కారు దవాఖాన డాక్టర్ సాబ్ ఒక కుండ నిండా పరకలు తెప్పించి బావిలో వదిలించాడట. నీళ్లలో దిగవద్దని, గుడ్డతో వడకట్టుకోమని కూడా చెప్పాడట. కొన్నేళ్లకు జబ్బు పోయింది. జబ్బుతో పాటు ఆయన చెప్పిన మాటలు కూడా పోయాయి. బావిలో మళ్లీ అందరూ దిగసాగారు, వడగట్టు గుడ్డలు పొయ్యి మసిగుడ్డలయ్యాయి. పరకలు మాత్రం ఉండిపోయాయి. అవి ఎందుకున్నాయో ఎవరికీ గుర్తులేదు. బావి అన్నాక చేపలుంటాయి అనుకున్నాం, అంతే.

మా పక్కిల్లు చాచాది. దూది ఏకి పరుపులు కుట్టడం ఆయన పని, పెద్ద చెరువులో గాలం వేయడం ఆయన ప్రాణం. అమ్మను చెల్లె అనేవాడు, అమ్మ ఆయన్ను అన్నా అనేది. ఇది నోటిమాట వరస కాదు. మా అక్క పెళ్లికి పరుపు కుడుతూ ఆయన ఏడ్చాడని, ఆ పరుపులో సగం దూది తడిసిందని ఆయన భార్య, మా చాచి, ఇప్పటికీ నా కలలో ఎగతాళి చేస్తూనే ఉంటుంది. వాళ్లకు పిల్లలు లేరు. అక్క వాళ్ల చేతుల మీదే పెరిగింది.

అక్కను ఆదిభట్లకు ఇచ్చారు. తొలికాన్పుకు మా ఇంటికి తెచ్చుకున్నామని తెలియగానే చాచా గాలం భుజాన వేసుకుని చెరువు మీద పడ్డాడు. బాలింతకు కొర్రమట్ట పులుసు పడితే పాలు పడతాయని, నడుం గట్టిపడుతుందని ఆయన నమ్మకం. కానీ కొర్రమట్ట కావాలన్నప్పుడు గాలానికి పడదు. అందుకని పడినప్పుడల్లా ప్రాణంతో తెచ్చి మా మెట్ల బావిలో వదిలేవాడు.

"నా బిడ్డకు ఎప్పుడు గావాలంటే అప్పుడు తాజాగ తీసిస్త. చెరువుల ఉంటే చెరువుది, బాయిల ఉంటే మనది," అనేవాడు మీసం దువ్వుకుంటూ.

అందరూ మెచ్చుకున్నారు. మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, ఆయన కూడా "మస్తు తెలివి నీది" అన్నాడు. అక్కకు మగపిల్లాడు పుట్టాడు. పురుడు వెళ్లాక చాచా మాట ప్రకారం అప్పుడొకటి, అప్పుడొకటి కొర్రమట్టలు తీసిచ్చాడు. పులుసు ఘుమఘుమలు వీధి చివరిదాకా వెళ్లేవి. అక్క తిన్నవి పోను బావిలో కొన్ని మిగిలాయి. ఉండనీలే, రేపో మాపో పనికొస్తాయి అన్నారు.

ఎండకాలానికి బావిలో నీళ్లు బాగా కిందికి దిగాయి. బిందె ముంచేటప్పుడు నా కాలివేళ్లను ఎవరూ కొరకడం లేదు. పరకలు ఎటు పోయాయని అమ్మను అడిగాను. "ఎండకు లోపలికి పోయినయేమో, నీకెందుకు, జల్ది రా" అంది. సాయంత్రమైతే మునుపెన్నడూ లేనన్ని దోమలు. నీళ్లకుండ అడుగున దోమపిల్లలు మెలికలు తిరుగుతుండేవి. కప్పల అరుపు కూడా తగ్గింది. ఇవన్నీ చూశాం. దేనికదే చూశాం. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు.

ఆ ఎండకాలమే బాబును చూడటానికి దక్షిణాన ఉన్న తన ఊరి నుంచి మా మేనమామ వచ్చాడు. అమ్మకు స్వంత అన్న. వచ్చినప్పటినుంచీ చీలమండ మీద మంట మంట అని గోల. మా మామకు దోమ కుట్టినా పదిమందికి చెబుతాడు కనక ఎవరూ పట్టించుకోలేదు. పొద్దస్తమానం వెళ్లి బావి మెట్ల మీద కూర్చుని ఆ కాలు నీళ్లలో వేలాడేసుకునేవాడు. "సల్లగున్నది, పానం లేచొచ్చింది" అని మురిసిపోయేవాడు. తర్వాత తన ఊరికి వెళ్లిపోయాడు. వానలు మొదలయ్యే వేళకు అక్క కూడా పిల్లాణ్ణి తీసుకుని ఆదిభట్ల వెళ్లింది.

మళ్లీ ఎండకాలం వచ్చింది. ముందు బాపు పాదం మీద బొబ్బ లేచింది. తర్వాత ఎదురింటి ముసలమ్మకు, ఆ తర్వాత నాకు. బొబ్బ పగిలి తెల్లటి దారపు కొస కనబడగానే అమ్మ పాత జబ్బును గుర్తుపట్టింది. నారి కురుపు మరిచిపోయిన వాడలో మళ్లీ ఇంటింటికీ ఒక కుంటికాలు తయారైంది. చాచి వచ్చి మా పురుగుల కొసల్ని సన్నటి పుల్లకు చుట్టి, రోజూ కాస్త కాస్త తిప్పి లాగేది. తొందరపడి లాగితే తెగుతుంది, తెగితే కాలు వాచి చీము పడుతుంది. ఆమె చెయ్యి ఎంత మెత్తనో ఆ నొప్పిలో కూడా నాకు తెలిసింది. "జర ఓర్చుకో బిడ్డా, ఇగ అయిపోయె" అని ప్రతిరోజూ అదే అబద్ధం చెప్పేది.

ఆదిభట్ల నుంచి కబురు వచ్చింది. అక్కకు కూడా లేచింది. అక్కడ లాగినవాళ్లు తొందరపడ్డారు, తెగింది. మోకాలిదాకా వాచి అక్క మంచం మీద ఉంది. బాపు కుంటుకుంటూనే బండి కట్టించుకుని వెళ్లాడు. అక్క అత్త గడపలోనే నిలబెట్టి అడిగిందట, "మా ఊర్ల ఒక్కరికి లేదు ఈ రోగం. మాది చేదబాయి, తాడేసి తోడుకుంటం, ఎవరి కాలు నీళ్లల వడదు. మీ బాయి నీళ్లు తాగి నా కోడలు మంచాన వడ్డది. ఇగ మీదట కాన్పని, పండుగని పంపమనకుండ్రి."

బాపు ఆ మాట అమ్మకు చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ ఆ పూట అన్నం వండింది, ఎవరూ తినలేదు. అక్క మళ్లీ ఈ ఇంటికి రాదు, పిల్లాడి మొహం మేం చూడం అన్న మాట నాకు కాలి నొప్పికన్న ఎక్కువ బాధ పెట్టింది.

వాడలో మాత్రం నేరస్థుడు ఎవరో తేలిపోయింది. పాముతల చేపలు తెచ్చి మంచినీళ్ల బావిలో పోస్తే పాముల్లాంటి పురుగులే పుడతాయి అన్నారు. కొర్రమట్ట కడుపులోంచే నారు వస్తుందని ఒకాయన ఒట్టేసి చెప్పాడు. చాచాను బావి వైపు రావద్దన్నారు. ఆయన రాలేదు. పని మానేశాడు, గాలం అటక మీద పెట్టేశాడు, గుమ్మం దాటడం మానేశాడు. అక్క మంచం పట్టిందన్న కబురు విన్ననాడు ఆయన ఏకిన దూది మధ్య కూర్చుని ఏడుస్తుంటే చాచి వచ్చి అమ్మను పిలుచుకుపోయింది.

నేనూ వెంట వెళ్లాను. అమ్మ ఓదార్చలేదు. ఆమెకు ఓదార్చడం చేతకాదు, పని చెప్పడం చేతనవును.

"ఏడ్చుడు తర్వాత. ముందుగాల నీ చేపలు తియ్యి బాయిల నుంచి. పెట్టింది నువ్వు, తీసేది నువ్వు. ఎవడడ్డమొస్తడో నేను చూస్త."

మరునాడు పొద్దున అమ్మ బావి గట్టు మీద నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. చాచా కప్పపిల్లను ఎరగా గుచ్చి గాలం వేశాడు. వేసీ వేయగానే ఒకటి పడింది, కాసేపటికి ఇంకొకటి. రెండో దాన్ని చేతిలోకి తీసుకున్నాక ఆయన మొహం మారిపోయింది. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"చెల్లె, ఇట్ల రా. చూడు దీన్ని. తలకాయేమో గింత, ఒళ్లేమో ఎండిపోయింది. నేను ఇడిసినప్పుడు నా మోచెయ్యంత లావుండె."

"బాయిల ఏం దొరుకుతది దానికి?"

"అదే గదా నేననేది. మొదలు దొరికింది. పరకలు దొరికినయ్, కప్ప పిల్లలు దొరికినయ్. అన్నీ తిన్నది. అయిపోయినంక ఉపాసం వడ్డది." చాచా మెట్టు మీద కూలబడ్డాడు. "పరకల్ని నా కొర్రమట్టలే మింగినయ్ చెల్లె."

అమ్మ నా వైపు చూసింది. నా కాలివేళ్లను ఎవరూ కొరకడం లేదని నేనన్న మాట ఆమెకు గుర్తొచ్చిందని నాకు అర్థమైంది. పరకలు పోవడం ఒక సంగతి, నారు రావడం ఇంకో సంగతి. ఈ రెంటికీ మధ్య ముడి ఎక్కడుందో మాత్రం మాకు తెలియలేదు. దానికి అమ్మ దవాఖానకు బయల్దేరింది.

అప్పటి డాక్టర్ సాబ్ వెనకటాయన కాదు, కొత్తాయన. కానీ విషయం తెలిసినవాడు. స్వయంగా బావి దగ్గరికి వచ్చాడు. వాడంతా పోగైంది. ఆయన మా బావినీళ్లు గాజుగ్లాసులో పట్టించి ఎండకు ఎదురుగా పెట్టి నన్ను చూడమన్నాడు. కంటికి ఆనీ ఆనని తెల్లటి నలుసులు, ఎగిరెగిరి ఈదుతున్నాయి.

"ఇవి ఎప్పుడూ ఉంటయ్, అన్ని నీళ్లల్ల ఉంటయ్," అన్నాడు డాక్టర్ సాబ్ తన ఉర్దూ యాస తెలుగులో. "ఉత్తగ ఇవి తాగితే ఏం కాదు. నారు ఉన్న మనిషి కాలు నీళ్లల పెడితే ఆ పురుగు తన పిల్లల్ని నీళ్లల ఇడుస్తది. మన కంటికి ఆనవు. ఆ పిల్లల్ని ఈ నలుసు తింటది. ఆ నలుసును మనం తాగుతం. ఒక సాలు, అంటే ఏడాది తిరిగేసరికి మన కాలుల నారు బయటికొస్తది. సమజైందా?"

"మరి పరకలు?" అంది అమ్మ.

ఆయన చెరువు నుంచి తెప్పించిన ఒక పరకను గ్లాసులో వేశాడు. అది కాసేపు బెదిరి మూలన నక్కింది. తర్వాత టప్పున ఒక నలుసును నోట్లో వేసుకుంది. మళ్లీ ఒకటి. చూస్తూ ఉండగానే గ్లాసులో నలుసులు ఖాళీ అయ్యాయి. వాడంతా నోరు తెరుచుకుని చూసింది.

"అయితె కొర్రమట్ట తినదా ఈ నలుసుల్ని? దాని నోరు ఇంకా పెద్దది గద," అని బాపు అడిగాడు. చాచా తల అడ్డంగా ఊపాడు. "పిల్లగున్నప్పుడు తింటదేమో. పెద్దగైనంక గింత నలుసు దానికేం ఆనుతది? దానికి పరకనే బుక్క."

కాబట్టి లెక్క ఇదీ. కొర్రమట్ట పరకను తిన్నది. పరక పోయేసరికి నలుసులూ దోమపిల్లలూ ఇష్టం వచ్చినట్టు పెరిగాయి. వాడలో అందరూ మళ్లీ చాచా వైపు తిరిగారు. అప్పుడు డాక్టర్ సాబ్ ఒక ప్రశ్న వేశాడు. "నలుసులు పెరిగినయ్, సరే. కానీ నారు పిల్లలు యాడికెల్లి వచ్చినయ్? పోయిన ఎండకాలం పుండు కాలుతోని ఈ బాయిల ఎవరు దిగిండ్రు?"

మామ సంగతి మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అమ్మ ఊరుకుంటే అది అంతటితో పోయేది. నేరమంతా చేపల మీద, చేపలవాడి మీద ఉండిపోయేది. అమ్మ మొహం ఎర్రబడింది.

"మా అన్న," అంది గట్టిగా, అందరికీ వినబడేలా. "నా తోడబుట్టినోడు. మంట మంటని పొద్దుగాల పోయి, మాపటికి లేచేటోడు ఈ మెట్ల మీదికెల్లి. ఈ అన్న చేపలు తలుపు తీసినయ్, ఆ అన్న కాలు లోపటికొచ్చింది. అనేటోళ్లు ఇద్దర్ని అనుండ్రి, లేకుంటే ఊకోండ్రి."

ఊరుకున్నారు. అమ్మను నేను అంతకుముందు కూడా ప్రేమించాను గానీ, ఆ పూట చూసినంత గొప్పగా ఎప్పుడూ చూడలేదు.

డాక్టర్ సాబ్ చెప్పిన పని మూడు రకాలు. మెట్లు మూసేయాలి, నారు ఉన్న కాలు నీళ్లను తాకకూడదు. నీళ్లు గుడ్డతో వడకట్టాలి. పరకల్ని మళ్లీ పెంచాలి. కొర్రమట్టల్ని తీసేసినంత మాత్రాన పరకలు తిరిగి రావు, ఎందుకంటే బావికి కాలువ లేదు, బయటినుంచి చేప వచ్చే దారి లేదు. "వచ్చే సాలు ఒక్కరికి కూడ రాదని చెప్పలేను. బొబ్బలు లేచినంక ఎంతమంది దిగిండ్రో అల్లాకే ఎరుక," అని కూడా అన్నాడు. ఆ చివరి మాట అమ్మ మనసులో ముల్లులా ఉండిపోయింది.

బాపు కింది మెట్లకు అడ్డంగా తుమ్మకంప వేయించాడు, బావి మీద దూలం వేసి గిరక కట్టించాడు. చాచా ఊపిరి తీసుకోకుండా చెరువుకు పరుగెత్తి గంపెడు చిన్న చేపలు పట్టుకొచ్చి బావిలో గుమ్మరించాడు. ఇక పరకలే పరకలు అనుకున్నాం. కొన్నాళ్లకు గట్టు మీది నుంచి నీళ్లలో బొరుగులు చల్లి చూస్తే పైకి వచ్చేవి తగ్గుతున్నాయి. ఇంకొన్నాళ్లకు అసలు రావడం లేదు.

"నువ్వు పట్టింది రెండే గద. ఎన్ని ఇడిసినవ్?" అని నిలదీసింది అమ్మ.

చాచా తల గోక్కున్నాడు. "ఏమో చెల్లె, దొరికినప్పుడల్లా ఇడిసిన. ఎవరు లెక్కపెట్టిండ్రు?"

"ఇంకోటున్నది లోపట. ఉపాసమున్న దానికి నువ్వు గంపల విందు తెచ్చిపెట్టినవ్."

నవ్వకూడదనుకున్నాను గానీ ఆపుకోలేకపోయాను. అమ్మకు కూడా నవ్వొచ్చింది. అక్క విషయం తెలిసినప్పటినుంచి మా ఇంట్లో అదే మొదటి నవ్వు.

ఆ మూడోది జిత్తులమారిది. ఎర ముట్టదు. కానీ కొర్రమట్ట ఎంత లోతున దాక్కున్నా అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి పీల్చక తప్పదు. చాచా దుప్పటి కప్పుకుని గట్టు మీద కూర్చుని నీళ్ల మీదే కళ్లు పెట్టేవాడు. అది ఎక్కడ బుడుంగున తేలుతోందో కనిపెట్టాడు. ఎప్పుడూ పడమటి గోడ రాళ్ల సందు దగ్గరే. అక్కడ కప్పను తేలేటట్టు ఆడించాడు. పట్టేసరికి ఆయన తలపాగా నీళ్లలో పడింది, గాలం కర్ర వంగిపోయింది, వాడంతా కేకలు. మా గంపెడు పరకలు తిన్నది కనక బాగా బలిసింది. కొట్టి చంపుదాం అన్నారు కొందరు. చాచా దాన్ని తడిగోనెలో చుట్టి గుండెకు హత్తుకుని పెద్ద చెరువుకు తీసుకుపోయాడు, నేనూ కుంటుతూ వెనకే వెళ్లాను.

"చాచా, ఇక్కడ గూడ పరకలున్నయి గద. ఇక్కడ గూడ అన్నీ తినదా?" అని అడిగాను.

"ఇక్కడ నాచున్నది, తుంగున్నది, పరక దాక్కుంటది. వానొస్తే కొత్తయి వస్తయ్. దీన్ని గూడ పట్టనీకె కొంగలున్నయ్, నేనున్న. బాయిల ఎవరున్నరు? నాలుగు గోడలు. పరకకు జాగ లేదు పారిపోనీకె." చేపను నీళ్లలో వదిలి, అది తుంగలోకి జారిపోయేదాకా చూశాడు. "దీని తప్పేం లేదు బిడ్డా. తీసుకపోయి తప్పు జాగల పెట్టింది నేను."

ఈసారి పరకల్ని తెచ్చేటప్పుడు గంప అలాగే గుమ్మరించలేదు. తెల్లటి పళ్లెంలో కొద్దికొద్దిగా పోసి, నేనూ చాచా ఒక్కొక్కటే ఏరాం. ఎర్రగా, ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని గుంపుగా తిరిగేవి కొర్రమట్ట పిల్లలు. అలాంటివి కనబడితే తీసి పక్కన కుండలో వేశాం. నడుమ చాచాకు ఒక ఆలోచన వచ్చింది, మీసాల మార్పు చేపలు కూడా కాసిన్ని వేస్తే ఇంకా బాగా శుభ్రం చేస్తాయేమోనని. అమ్మ చీపురు పట్టుకునే బయటికి వచ్చింది. ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

అక్క కాలు నెమ్మదిగా తగ్గింది, కాస్త ఈడుస్తూ నడిచేదట. చలికాలంలో మళ్లీ కబురు, అక్క నెల తప్పింది. బాపు వెళ్లి బతిమాలితే అక్క అత్త ఒక్క మాట అంది. "వచ్చే ఎండకాలం మీ వాడల ఒక్క కాలుకు నారు లేకుంటే పంపుత. ఒక్కటున్నా పంప." పట్టుబట్టిందని ఆమెను తిట్టుకున్నాను గానీ, ఇప్పుడు తలుచుకుంటే ఆమె కోడల్ని కాపాడుకోవాలనే చూసింది.

ఆ సంవత్సరమంతా చాచా దూది బావి దగ్గరే ఏకాడు. గిరక పక్కనే మంచం వేసుకుని, పిల్లలు మెట్ల వైపు పోతే కసిరేవాడు, ముసలివాళ్లకు తనే తోడి పోసేవాడు. ఆయన పరుపుల్లో దుమ్ము కన్నా బావి తడే ఎక్కువని చాచి ఎగతాళి. పరకలు పెరిగాయి. ఎప్పటికప్పుడు గ్లాసులో నీళ్లు పట్టి ఎండకు పెట్టి చూడటం నా పని. నలుసులు పూర్తిగా పోలేదు, కానీ వెతికితే గానీ కనబడనంతగా తగ్గాయి. కప్పలు మళ్లీ అరిచాయి. దోమలు తగ్గాయని మా ఎదురింటి ముసలమ్మ కూడా ఒప్పుకుంది, ఆమె దేన్నీ అంత తేలిగ్గా ఒప్పుకోదు.

ఎండలు ముదిరేకొద్దీ మా వాడలో అందరూ ఒకరి కాళ్లు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. పలకరింపు కూడా అదే అయిపోయింది. ఒకరోజు బాపు పొలం నుంచి కుంటుకుంటూ వచ్చాడు. మడమ మీద బొబ్బ. అమ్మ చేతిలోని చాట కిందపడింది. చాచి పరుగెత్తుకొచ్చి, దీపం దగ్గర పెట్టుకుని, చేత్తో తడిమి తడిమి చూసింది. మేమంతా ఆమె మొహమే చూస్తున్నాం.

"కొత్త చెప్పులు కుట్టించినవా అన్నా?" అంది చివరికి.

బాపు అవునన్నట్టు తలూపాడు. "గది చెప్పు కరిచిన బొబ్బ. ఇంతమంది పానాలు తీసినవ్ గదా," అని ఆయన కాలి మీద ఒక్కటి వేసి లేచింది. మా బాపు కొత్త చెప్పుల్ని ఆ ఎండకాలమంతా మళ్లీ వేసుకోనివ్వలేదు అమ్మ.

వానలు పడ్డాయి. ఎవరి కాలికీ ఏమీ లేదు. అమ్మ పైకి ఏమీ అనలేదు, బావి గట్టుకు పసుపు రాసి వచ్చింది.

అక్కను దింపడానికి అక్క అత్త స్వయంగా బండి ఎక్కి వచ్చింది. ఇంట్లోకి రాలేదు, ముందు నేరుగా బావి దగ్గరికే నడిచింది. మెట్లకు అడ్డుపెట్టిన కంప చూసింది, గిరక చూసింది. బొరుగులు అడిగి ఒక గుప్పెడు చల్లింది. నీళ్లు కుతకుతలాడినట్టు పరకలు పైకి ఎగబడ్డాయి. చాచా దూరంగా, గోడకు ఆనుకుని, తల దించుకుని ఉన్నాడు.

"కొర్రమట్టలు ఇడిసింది నువ్వేనా?" అని అడిగింది ఆయన్ను.

"అవ్ అమ్మా, నేనే."

"ఇవి ఇడిసింది?"

"ఆయననే వదినె," అంది అమ్మ.

ఆమె గిరక దగ్గరికి వెళ్లి, దోసిలి పట్టి "పొయ్యి" అంది. చాచా తోడి, గుడ్డ అడ్డుపెట్టి, ఆమె దోసిట్లో పోశాడు. ఆమె కడుపునిండా తాగింది. తర్వాత బండి వైపు తిరిగి, "దిగు బిడ్డా, మీ ఇల్లొచ్చింది" అని అక్కను పిలిచింది. అక్క ఒక కాలు కొంచెం ఈడుస్తూ దిగింది. చాచా ఆ కాలు చూసి మొహం తిప్పుకున్నాడు. అక్క ఆయన దగ్గరికే ముందు వెళ్లి, చంకలోని పిల్లాణ్ణి ఆయన చేతుల్లో పెట్టింది.

అక్కకు ఈసారి ఆడపిల్ల. పురుడు వెళ్లిన వారానికి చాచా తలుపు దగ్గర నిలబడి దగ్గాడు. ఒళ్లంతా చెరువు బురద, చంకలో మూత గట్టిగా కట్టిన కుండ. కుండలో ఏదో దబదబ కొట్టుకుంటోంది. లోపలికి రావాలా వద్దా అని గడప మీద నిలబడ్డాడు. అక్క మంచం మీది నుంచే చేపల వాసన పట్టి నవ్వుతోంది.

"చెల్లె," అన్నాడు చాచా, గొంతు తగ్గించి, ఎంతో భయంగా, "దీన్ని యాడ పెట్టాలె?"

అమ్మ కుండ అందుకుంది.

"పొయ్యి మీద," అంది.